చివరి కాలమ్ ఒక్కటే చూస్తే సరిపోదు

"థీసిస్ రాసే నర్సింగ్ పిల్లలకు టిప్: రిజల్ట్స్ టేబుల్‌లో చివరి కాలమ్ చూడండి చాలు. పీ విలువ 0.05 కంటే తక్కువుంటే ట్రీట్‌మెంట్ పనిచేసినట్టే. 0.02 అంటే 98 శాతం గ్యారంటీ. 0.05 దాటితే తేడా లేనట్టే. సగటు, మీడియన్ ఏది రాసినా ఒకటే."

హైదరాబాద్‌లో ఎంఎస్సీ నర్సింగ్ చేసేవాళ్ల ఫోన్లలో ఇది బాగా తిరుగుతోంది. వైవా టెన్షన్‌లో ఉన్నవాళ్లు నమ్మేస్తారు కూడా.

ముందు ఆ గ్యారంటీ సంగతి. పీ విలువ లెక్కే "నిజానికి తేడా లేదు" అనుకుని మొదలవుతుంది. తేడా లేకపోయినా, మనకు కనిపించినంత లేదా అంతకన్నా పెద్ద తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 100లో 2 అని 0.02 చెబుతుంది. మన ఊహ నిజమయ్యే అవకాశం ఎంతో అది చెప్పదు. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ఈ మాటే స్పష్టంగా ప్రకటించింది. అన్నట్టు, SPSSలో `Sig. (2-tailed)` కింద .000 కనిపిస్తే థీసిస్‌లో సున్నా అని దించేయకండి. p < 0.001 అని రాయాలి.

ఇక "పనిచేసినట్టే" అన్న మాట. ఒక ఉదాహరణ ఊహిద్దాం. ఇంజెక్షన్‌కు ముందు ఐస్ పెట్టిన 30 మందికి నొప్పి స్కోరు సగటు 3.6, పెట్టని 30 మందికి 4.2. రెండు గ్రూపుల్లోనూ ఎస్‌డీ 1.0. తేడా 0.6, పీ విలువ 0.02. పక్కనున్న 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 0.1 నుంచి 1.1. అంటే ఈ డేటాతో పొసగే తేడా 0.1 అయినా కావచ్చు, 1.1 అయినా కావచ్చు. పదికి కొలిచే స్కేలు మీద 0.1 తగ్గితే ఏ పేషెంటుకూ తెలియదు. ఐస్ ఉపయోగం వార్డులో కనిపించేంత ఉందో లేదో ఈ టేబుల్ ఇంకా తేల్చలేదు.

అదే టేబుల్‌లో డ్రెస్సింగ్ నొప్పి వరుస చూడండి: తేడా 1.0, పీ విలువ 0.08, ఇంటర్వెల్ -0.1 నుంచి 2.1. సున్నా లోపలే ఉంది కాబట్టి తేడా ఉందని తేల్చలేం. కానీ 2 పాయింట్ల మేలు కూడా ఆ ఇంటర్వెల్‌లోనే ఉంది. "తేడా లేదు" అని కాదు, "ఇంతమందితో తేలలేదు" అని రాయాలి.

సగటు, మీడియన్ ఒకటేమీ కాదు. ఏడుగురు పేషెంట్లు ఆస్పత్రిలో ఉన్న రోజులు 2, 3, 3, 3, 4, 4, 30 అనుకోండి. సగటు 7, కానీ ఆరుగురు నాలుగు రోజుల్లోపే ఇంటికెళ్లారు. మీడియన్ 3. టేబుల్‌లో 7 ± 10.2 అని కనిపిస్తే సగటులోంచి ఎస్‌డీ తీసేసి చూడండి. మైనస్ రోజులొస్తాయి! రోజుల లెక్కలో అది కుదరదు కదా, అంటే ఎవరో ఒకరిద్దరు సగటును లాగేశారన్నమాట. అక్కడ మీడియన్ 3, క్వార్టైల్స్ 3 నుంచి 4 అని ఇవ్వాలి. రెండు గ్రూపుల్ని పోల్చాల్సి వస్తే ఇంత చిన్న డేటాకు టీ-టెస్ట్ కంటే మాన్-విట్నీ టెస్ట్ మేలు.