వెయ్యి లీటర్లంటే ఏ వెయ్యి?

(నల్లగొండ జిల్లా, మర్రిగూడ మండలంలో ఒక ఊరు. బోరు నీళ్ల మీద నడిచే పాత ఆర్వో ప్లాంటు మూలపడింది. నీళ్ల కమిటీ కూర్చుంది.)

అధ్యక్షుడు అడిగింది: "కొత్త ప్లాంటుకు మూడు కొటేషన్లు వచ్చాయి. 3 లక్షల 20 వేలు, 4 లక్షల 10 వేలు, 4 లక్షల 90 వేలు. తక్కువ వాళ్లకు ఇచ్చేద్దామా?"

లింగయ్య (కిరాణా కొట్టు, కమిటీ లెక్కలు చూస్తాడు): ఇచ్చేద్దాం. అందరూ గంటకు వెయ్యి లీటర్ల ప్లాంటే రాశారు. మొన్న మా బోరుకు మోటార్ తెచ్చింది ఇట్లాగే. మూడు దుకాణాలు తిరిగితే ఆరు వేలు మిగిలాయి.

స్వరూప (ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేస్తుంది): మోటార్ హెచ్‌పీ దాని మీదే రాసి ఉంటుంది లింగన్నా. ఇక్కడ వెయ్యి లీటర్లంటే ఏ వెయ్యి? మొదటి కాగితం చూడు, నీళ్లను వడగట్టే 4040 సైజు మెంబ్రేన్లు రెండు. ఒక్కోటి గంటకు సుమారు 250 లీటర్ల మంచి నీళ్లు ఇస్తుంది. రెండు కలిస్తే 500. ఆయన రాసిన వెయ్యి లోపలికి పోయే బోరు నీళ్లు. మిగతా ఇద్దరూ నాలుగేసి మెంబ్రేన్లు పెట్టారు. వాళ్లది బయటికొచ్చే వెయ్యి.

లింగయ్య: అంటే మనల్ని మోసం చేశాడా?

స్వరూప: ఆయన్నేమంటాం? ఫోన్లో "వెయ్యి లీటర్ల ప్లాంటుకు రేటు పంపండి" అన్నాం, అంతే. మనవి 300 ఇళ్లు. ఇంటికి రోజూ 20 లీటర్ల క్యాన్ ఒకటి అనుకుంటే 6,000 లీటర్లు. ఆపరేటర్ ఉండేది ఆరు గంటలు. గంటకు వెయ్యి లీటర్ల శుద్ధి నీళ్లు బయటికి రావాలని రాయాల్సింది. బోరు నీళ్ల ల్యాబ్ రిపోర్టు కూడా పంపలేదు. అందులో లీటరుకు కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, 1,400 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 3.2 ఉంది. అది చూడకుండా ఎవరు లెక్క కట్టినా అందాజే. శుద్ధి నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటొద్దని రాయాలి, తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 కోరే హద్దు కూడా అదే. ల్యాబ్‌లో తేలాకే చివరి 10 శాతం బిల్లు ఇవ్వాలి.

సత్తెమ్మ: ఇంతకీ క్యాన్ ఎంతకిస్తరు? ఐదు రూపాయలు దాటితే మా గల్లీ నుంచి ఎవ్వరూ రారు.

(ఎవరూ జవాబివ్వలేదు. అది ఇంకో రోజు పంచాయితీ.)

లింగయ్య: సరే, మొదటిది పక్కన పెట్టు. 4 లక్షల 10 వేలదానికేమైంది?

స్వరూప: కింద చిన్న అక్షరాల్లో "జీఎస్టీ 18 శాతం అదనం" అనుంది. కలిపితే 4,83,800. సర్వీసు మొదటి ఏడాదే ఉచితం, తర్వాత ఏడాదికి 24 వేలు. మూడేళ్లకు 5,31,800 అవుతుంది. మూడో ఆయన 4,90,000లో పన్ను, మూడేళ్ల సర్వీసు అన్నీ ఉన్నాయి. అందుకే వాళ్ల లెటర్‌హెడ్ మీద వాళ్లకు నచ్చినట్టు రాయనీయొద్దు. మిషన్, పన్ను, రవాణా, బిగింపు, మూడేళ్ల సర్వీసు విడివిడిగా నింపే పట్టిక మనమే ఇవ్వాలి.

లింగయ్య: పట్టిక బాగానే ఉంది. కానీ నాలుగు మెంబ్రేన్లు అని నువ్వు బిగించి రాస్తే, పెద్దది ఒక్కటే పెట్టి అదే పని చేసేవాడు పోటీలోనే ఉండడు కదా?

స్వరూప: అది నిజమే అన్నా. 8040 సైజుదైతే ఒక్కటి చాలు. మెంబ్రేన్ల లెక్క మనం రాయొద్దు. నీళ్లు ఎన్ని, ఎట్లాంటివి రావాలో మాత్రమే రాద్దాం. ఏది పెడతారో వాళ్లను చెప్పమందాం.

లింగయ్య: ఇంకొకటి. మూడో ఆయనది హైదరాబాద్, రెండో ఆయనది నల్లగొండ. పండుగనాడు పంపు ఆగితే ఎవరొస్తారు? అది నీ పట్టికలో ఎక్కడుంది?

స్వరూప: రాస్తాం. 24 గంటల్లో మనిషి రాకపోతే రోజుకు ఇంతని ఆపి ఉంచిన డబ్బులో కోత.

లింగయ్య: కోసేదెవరు? నువ్వా, నేనా? నెల తిరిగేసరికి ఆయన సర్పంచ్‌తో ఫోన్ చేయిస్తాడు.

(స్వరూప నవ్వింది, దీనికి జవాబు చెప్పలేదు.)

స్వరూప: అయితే ఇదివరకు ప్లాంటు పెట్టిన మూడు ఊళ్ల పేర్లు అడుగుదాం. రేటు చూడకముందే అక్కడికి ఫోన్ చేద్దాం.

లింగయ్య: రేట్లు ఇప్పటికే బయటపడ్డాయి కదా చెల్లె. రెండో ఆయన మా బామ్మర్ది దోస్తు. పొద్దునే అడిగాడు, హైదరాబాద్ వాళ్లది ఎంత అని.

స్వరూప: చెప్పావా?

లింగయ్య: ...సుమారుగా చెప్పాను.

స్వరూప: అయితే ఇంకో ఇద్దరిని కొత్తగా అడగాల్సిందే. ఐదుగురికీ ఒకే కాగితం, ఒకే తేదీ, సీల్ చేసిన కవర్లు. ఒకరు సందేహం అడిగితే జవాబు ఐదుగురికీ పోవాలి. కవర్లు ఇక్కడే, అందరి ముందు విప్పుదాం.

లింగయ్య: అయినా ఆయనకు ఒక రేటు తెలిసిపోయింది కదా.

స్వరూప: తెలిసిపోయింది.