ఆపడానికి ఒక్క కబురు, విడిపించడానికి పది దరఖాస్తులు: వారసుల చేతికి షేర్లు, ఫండ్ యూనిట్లు

మదుపరి చనిపోయాక ఆయన పేరిట ఉన్న షేర్లు, మ్యూచువల్ ఫండ్ యూనిట్లు వారసుల పేరిట మారడాన్ని ట్రాన్స్‌మిషన్ అంటారు. ఇది అమ్మకమూ కాదు, దానమూ కాదు. చట్టం ప్రకారం హక్కు దానంతటదే వారసులకు సంక్రమిస్తుంది, రికార్డులో పేరు మార్చడమే మిగిలిన పని. అందుకే దీని మీద లాభాల పన్ను పడదు. మరి ఇంత సూటి వ్యవహారం చాలా ఇళ్లలో నెలల తరబడి ఎందుకు నలుగుతుంది? ఆలస్యానికి మూలం సాధారణంగా చట్టంలో ఉండదు. ఒక కాగితం మీది పేరు మరో కాగితంతో కలవకపోవడంలోనూ, వారసుల జాబితా ఒక్కోచోట ఒక్కోలా రాయడంలోనూ ఉంటుంది.

ఒక ఊహాత్మక కుటుంబాన్ని తీసుకుందాం. వరంగల్‌కు చెందిన రిటైర్డు ఉద్యోగి విల్లు రాయకుండా పోయారు. భార్య, కొడుకు, అమెరికాలో టెక్సస్‌లో ఉంటున్న కూతురు, 84 ఏళ్ల తల్లి ఉన్నారు. ఆయన డీమ్యాట్ ఖాతాలో 11 లక్షల విలువైన షేర్లున్నాయి, నామినీ లేరు. ఒక ఫండ్ కంపెనీలో భార్యను నామినీగా పెట్టిన ఫోలియో, అంటే ఫండ్ ఖాతా, ఉంది. మరో కంపెనీలో భార్యాభర్తల ఉమ్మడి ఫోలియో ఉంది. అన్నీ అమ్మ పేరిటే మారాలని పిల్లలిద్దరూ, నాయనమ్మా ఒప్పుకున్నారు. గొడవే లేని ఇల్లు. అయినా మూడు చోట్లా మూడు దారులు.

అన్నిటికన్నా ముందు మరణ ధ్రువీకరణ పత్రాన్ని, పాన్ కార్డును పక్కపక్కన పెట్టి చూడాలి. మన దగ్గర పేర్ల చిక్కు ప్రత్యేకమైనది. పాత షేర్ల రికార్డులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, పాన్‌లో అది పూర్తిగా విడమరిచి చివరకు చేరుతుంది, ఆధార్‌లో ముందుకొస్తుంది. ఆసుపత్రి గుమస్తా రాసుకున్న పేరే మున్సిపాలిటీ రిజిస్టర్లోకి ఎక్కుతుంది. "సుబ్బారావు" కలిపి ఒకచోట, విడగొట్టి మరోచోట ఉన్నా దరఖాస్తు తిప్పి పంపేవాళ్లున్నారు. తేడా చిన్నదైతే ఇద్దరూ ఒకరేనని చెప్పే నోటరీ అఫిడవిట్‌కు పాన్ నకలు జతచేస్తే సరిపోతుంది. పేరే తప్పుగా పడితే మాత్రం జనన మరణాల రిజిస్ట్రారు దగ్గర సరిచేయించుకున్నాకే మిగతా పనులు మొదలుపెట్టాలి. ఆ తప్పు పత్రం నకలుతో నాలుగు చోట్ల దరఖాస్తులిచ్చాక సరిదిద్దితే, నాలుగు చోట్లా మళ్లీ మొదటికి రావాలి.

రెండోది వారసుల జాబితా. విల్లు లేకుండా చనిపోయిన హిందూ పురుషుడికి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. తండ్రి కాదు. అలవాటుగా "భార్య, ఇద్దరు పిల్లలు" అని రాసేసి ముసలి తల్లిని వదిలేసే అఫిడవిట్లు చాలానే. తహశీల్దారు ఇచ్చిన సర్టిఫికెట్లో ఆమె పేరుండి, అఫిడవిట్లో లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. రెండింటిలోనూ లేకపోతే ఫైలు కదులుతుంది గానీ, రేపు ఆమె తరఫున ఎవరైనా అడిగితే ప్రమాణం చేసి అబద్ధం చెప్పినట్టవుతుంది. పెళ్లయిన కూతురి పేరు ఎగ్గొట్టడమూ ఇలాంటిదే.

ఇప్పుడు మూడు దారులు. ఉమ్మడి ఫోలియో అన్నిటికన్నా సులువు. బతికున్న హోల్డరు దరఖాస్తు, మరణ ధ్రువీకరణ పత్రం, ఆమె కేవైసీ, పేరు ముద్రించిన క్యాన్సిల్డ్ చెక్కు ఇస్తే యూనిట్లు ఆమె పేరిట మారతాయి. డీమ్యాట్ ఉమ్మడిగా ఉంటే ఒక మెలిక ఉంది. చాలాసార్లు బతికున్నవారి పేరిట కొత్త ఖాతా తెరిచి షేర్లను అందులోకి మార్చి, పాతది మూసేస్తారు.

నామినీ ఉన్న ఫోలియోకు ఇంతకుముందు నానా కాగితాలు అడిగేవారు. సెబీ 2025 జనవరి సర్క్యులర్ ఆ జాబితాను బాగా కుదించింది. నామినీ తానే సంతకం పెట్టిన మరణ ధ్రువీకరణ పత్రం నకలు, నామినీ కేవైసీ, యూనిట్లు తాకట్టులో ఉంటే అప్పిచ్చినవారి నుంచి విడుదల చాలు. నామినీని అఫిడవిట్, తర్వాత నష్టమొస్తే భరిస్తానని రాసిచ్చే ఇండెమ్నిటీ బాండు అడగకూడదు. కౌంటర్లో పాత ఫారం చేతికిస్తే ఈ సర్క్యులర్ పేరు చెప్పి రాతపూర్వకంగా అడగడం మంచిది.

అయితే నామినీ అంటే యజమాని కాదు. 2023 డిసెంబరులో శక్తి యజ్దానీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చి చెప్పింది. కంపెనీ ఎవరికి అప్పగించాలో నామినేషన్ చెబుతుంది, ఆస్తి ఎవరిదో విల్లు గానీ వారసత్వ చట్టం గానీ చెబుతాయి. మన కుటుంబంలో భార్య ఆ యూనిట్లను నలుగురి తరఫున చేతిలో ఉంచుకున్నట్టు లెక్క. మిగిలినవారు ఒప్పుకున్నారు కాబట్టి ఇబ్బంది లేదు, కానీ ఆ ఒప్పుదలను కుటుంబ ఒప్పంద పత్రంగా రాసిపెట్టుకోకపోవడం తప్పు.

అసలు కష్టం నామినీ లేని డీమ్యాట్ ఖాతాతో. 2022 మే నాటి సెబీ నిబంధనల్లో డీమ్యాట్ షేర్లకు 15 లక్షలు, కాగితపు షేర్లకు ఒక్కో కంపెనీకి 5 లక్షలు హద్దుగా పెట్టారు, ఆ లోపు విలువకు కోర్టు పత్రాలు అక్కర్లేదు. ఈ హద్దులను సెబీ మారుస్తుంటుంది కనుక దరఖాస్తు ఇచ్చేనాటి అంకెను డీమ్యాట్ ఖాతా నడిపే డిపాజిటరీ పార్టిసిపెంటు దగ్గర చూసుకోవాలి. ఫండ్ యూనిట్లకు హద్దు వేరు, అది ఫండ్ కంపెనీ ఫారం మీదే ఉంటుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది దరఖాస్తు నాటి మార్కెట్ విలువ. మరణించిన రోజున 14 లక్షలున్న షేర్లు ఏడాది ఆగి వెళ్తే 16 లక్షలై హద్దు దాటవచ్చు.

మన ఉదాహరణలోని 11 లక్షలు ఆ 15 లక్షల హద్దు లోపలివే. ట్రాన్స్‌మిషన్ ఫారం, ధ్రువీకరించిన మరణ పత్రం నకలు, భార్య పేరిట తెరిచిన డీమ్యాట్ ఖాతా వివరాలుండే క్లయింట్ మాస్టర్ లిస్టు, వారసులందరి వివరాలతో నోటరీ అఫిడవిట్, భార్య రాసిచ్చే ఇండెమ్నిటీ బాండు, మిగిలిన ముగ్గురి నిరభ్యంతర పత్రాలు కావాలి. ఆలస్యం ఆ మూడోవ్యక్తి దగ్గర, అంటే టెక్సస్ కూతురి దగ్గరే జరుగుతుంది. ఆమె అక్కడి నోటరీ ముందు సంతకం పెట్టి, పత్రం విదేశాల్లో చెల్లడానికి టెక్సస్ రాష్ట్ర ప్రభుత్వంతో అపోస్టిల్ ముద్ర వేయించాలి, లేదా భారత కాన్సులేట్‌లో ధ్రువీకరింపజేయాలి. విదేశంలో సంతకమైన పత్రానికి ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలన్న నియమాన్ని చాలామంది మరిచిపోతారు. వాట్సాప్‌లో పంపిన స్కాన్ కాపీని ఎవరూ తీసుకోరు. అందుకే ముసాయిదాను ముందు ఇక్కడి పార్టిసిపెంటుకు చూపించి, మాట మారదనుకున్నాకే అమెరికా పంపడం నయం.

హద్దు దాటితే ఏం చేయాలి? కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్, కోర్టులో రుజువై ప్రొబేట్ అయిన విల్లు, లెటర్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ వంటివి కావాలి. కోర్టు పత్రం ఒక్కటే దారి అని చాలాచోట్ల చెబుతారు గానీ, 2022 నిబంధనల ప్రకారం ప్రభుత్వ అధికారి ఇచ్చిన వారసత్వ ధ్రువీకరణ లేదా దానికి సమానమైన పత్రాన్ని ఇండెమ్నిటీ బాండు, నిరభ్యంతర పత్రాలతో కలిపి ఒప్పుకోవాలి. తెలుగు రాష్ట్రాల వాళ్లకు ముడిపడేది ఇక్కడే. మీసేవ ద్వారా తహశీల్దారు దగ్గర్నుంచి ఎక్కువమంది తెచ్చుకునేది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. దాన్ని షేర్ల రికార్డులు చూసే కొందరు రిజిస్ట్రార్లు సమానపత్రంగా తీసుకుంటారు, కొందరు "ఇది కుటుంబ సభ్యుల జాబితా, వారసత్వ ధ్రువీకరణ కాదు" అంటారు. ఆస్తి హక్కులకు చెల్లదని దాని మీదే రాసి ఉంటే ఇక వాదనకు తావుండదు. రెవెన్యూ శాఖ ఆ పత్రం పేరును, ప్రయోజనాన్ని సెబీ మాటలతో పొసిగేలా రాసిస్తే ఎన్నో కేసులు కోర్టుదాకా పోవు.

కోర్టుకు వెళ్లాల్సి వస్తే ఒక జాగ్రత్త. పిటిషన్ షెడ్యూల్లో ప్రతి కంపెనీ పేరు, షేరు గుర్తింపు కోడ్ అయిన ఐఎస్‌ఐఎన్, షేర్ల సంఖ్య, ఫోలియో నంబర్లు రాయాలి. షెడ్యూల్లో లేని షేరుకు ఆ సర్టిఫికెట్ పనికిరాదు, తర్వాత చేర్పించాలంటే మళ్లీ కోర్టుకే. అందువల్ల పిటిషన్ వేసే ముందే పాన్ మీద వచ్చే కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్ చూడాలి. డీమ్యాట్ షేర్లు, ఫండ్లు అన్నీ అందులో కనబడతాయి. పెట్టెలో దాచిన కాగితపు షేర్లు మాత్రం కనబడవు.

2024 జనవరి నుంచి మరణవార్తను ఒక్క సంస్థకు చెబితే చాలు, పాన్‌తో మరణ పత్రం సరిచూశాక కేవైసీ రిజిస్ట్రేషన్ ఏజెన్సీ ద్వారా ఆ కబురు మిగతా అన్ని సంస్థలకూ చేరి ఖాతాల్లోంచి డెబిట్లు ఆగిపోతాయి. మంచి ఏర్పాటే. కానీ ఆపడం ఒక్కచోట జరిగితే, విడిపించడం మాత్రం ఒక్కో ఫండ్ కంపెనీ దగ్గర, ఒక్కో పార్టిసిపెంటు దగ్గర విడివిడిగా జరగాలి. అదే అఫిడవిట్, అదే బ్యాంకు మేనేజరు ధ్రువీకరణ, ప్రతిచోటా కొత్తగా. ఒకచోట సరిచూసిన వారసత్వ పత్రాలను మిగతావాళ్లు ఎందుకు నమ్మకూడదన్న ప్రశ్నకు ఈ ఏర్పాటులో జవాబు లేదు.

ఈ జాప్యం తట్టుకోలేక కొందరు తండ్రి పాస్‌వర్డ్, ఓటీపీలతో లాగిన్ అయి షేర్లు అమ్మేస్తారు. ఖాతాదారు మరణంతో ఆయన ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ చెల్లదు. అమ్మిన డబ్బు చేరేది చనిపోయిన వ్యక్తి బ్యాంకు ఖాతాకే. తర్వాత మరో వారసుడు ప్రశ్నిస్తే లాగిన్ అయిన రోజు, సమయం అన్నీ రికార్డులో ఉంటాయి. అలాగని ఏమీ చేయకుండా వదిలేయడమూ ప్రమాదమే. వరుసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోని షేర్లు ప్రభుత్వం నడిపే మదుపరుల నిధి అయిన ఐఈపీఎఫ్‌కు వెళ్లిపోతాయి. అప్పుడు ముందు కంపెనీ దగ్గర వారసత్వం రుజువు చేసుకుని, ఆ తర్వాత ఫారం ఐఈపీఎఫ్-5 వేసుకోవాలి.

పేరు మారాక భార్య ఆ షేర్లు అమ్మితే పన్ను లెక్క ఎలా? కొన్న ధర భర్త పెట్టినదే, కొన్న తేదీ కూడా భర్త కొన్నదే. 2018 జనవరి 31కి ముందు కొన్నవైతే ఆనాటి ధరను కొన్న ధరగా తీసుకోనిచ్చే రాయితీ కూడా ఆమెకు వర్తిస్తుంది. ఇబ్బందల్లా కొత్త డీమ్యాట్ ఖాతాలో కొన్న ధర సున్నాగానో, బదిలీ రోజు ధరగానో కనబడటం. భర్త పాత ఖాతా మూతపడక ముందే కాంట్రాక్టు నోట్లు, హోల్డింగ్ స్టేట్‌మెంట్లు దించి పెట్టుకోవాలి. నామినీ నుంచి అసలు వారసులకు షేర్లు వెళ్లినప్పుడు అది అమ్మకంగా పన్ను శాఖకు కనబడకుండా, టీఎల్‌హెచ్ అనే ప్రత్యేక కోడ్‌తో నివేదించాలని సెబీ 2025 సెప్టెంబరులో చెప్పింది. అది 2026 జనవరి 1 నుంచి అమలు. నామినీగా షేర్లు అందుకుని పిల్లలకు పంచదలిచిన తల్లులు ఆ బదిలీ ఏ కోడ్‌తో వెళ్లిందో పార్టిసిపెంటును అడిగి చూసుకోవాలి.