సవరణ: ముదురు బట్టపై తెల్ల లోగో

“మీరు చెప్పినట్టే లోగోకి మల్టిప్లై పెట్టాను. నల్ల టీషర్ట్ మీద తెల్ల లోగో పూర్తిగా మాయమైపోయింది. ఏం చేయాలి?”

ఫోటోషాప్‌లో బట్ట ఫోటో మీద లోగో పెట్టి, ఆ లోగో లేయర్ బ్లెండ్ మోడ్‌ను మల్టిప్లైకి మార్చమని పాత పోస్టులో చెప్పాను. ఆ పద్ధతి లేత రంగు బట్టకు, కాగితానికి, ముదురు లోగోకి మాత్రమే. మల్టిప్లై రెండు లేయర్ల వెలుగు విలువలను గుణించి 255తో భాగిస్తుంది. తెల్లదనం 255, బట్ట 40 అయితే వచ్చేది మళ్లీ 40, అంటే ఉత్త బట్టే. స్క్రీన్ మోడ్ పెడితే లోగో కనిపిస్తుంది గానీ, తెలుపు ఎక్కడైనా 255గానే ఉండిపోయి స్టిక్కర్ అంటించినట్టు ఉంటుంది.

ఇక్కడ మల్టిప్లై పెట్టాల్సింది లోగోకి కాదు, బట్టకే. లోగోను నార్మల్‌లోనే ఉంచండి. బట్ట లేయర్ కాపీ తీసి లోగో పైకి తెచ్చి, Create Clipping Mask నొక్కి, రంగు తీసేయండి. తర్వాత Levelsలో తెల్ల స్లైడర్‌ను హిస్టోగ్రామ్ ముగిసే చోటికి జరపండి. బట్ట విలువలు 20 నుంచి 60 మధ్య ఉంటే స్లైడర్ 60 దగ్గర ఆగాలి. అప్పుడు 60 కాస్తా 255 అవుతుంది, మడతల్లోని 20 సుమారు 85 అవుతుంది. ఈ కాపీకి మల్టిప్లై పెట్టండి. నీడలు మరీ మురికిగా కనిపిస్తే ఒపాసిటీని 40 శాతానికి తగ్గించండి. మడతలో తెలుపు 187 దగ్గర నిలుస్తుంది.

లోగో మాత్రం పారదర్శక PNG అయి ఉండాలి. తెల్ల డబ్బాను దాచే మల్టిప్లై సౌకర్యం ఇక్కడ దొరకదు. చివర్లో జూమ్ చేసి చూడండి: బట్ట మీది మడత గీత లోగో అంచు దగ్గర తెగకుండా లోపలికి సాగాలి.