ఫ్లెక్సీ మీద లవం ఉంది, హారం ఏది?

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ టీచర్ల నియామకానికి పెట్టిన 2025 మెగా డీఎస్సీలో మా అక్క కూతురికి ఎస్జీటీ పోస్టు, అంటే ప్రాథమిక పాఠశాల టీచర్ ఉద్యోగం వచ్చింది. జాబితా వచ్చిన సాయంత్రమే మూడు కోచింగ్ సెంటర్ల నుంచి ఫోన్లు. ఒకటి ఆమె ఏడు నెలలు హాస్టల్లో ఉండి నిజంగా చదువుకున్న చోటు. రెండోది సైకాలజీ గ్రాండ్ టెస్టులు కొనుక్కున్న చోటు. మూడోవాళ్ల దగ్గర ఆమె చేసిందల్లా ఆదివారం పూట ఒక ఉచిత ఆన్‌లైన్ మాక్ టెస్ట్ రాయడం. వారం తిరక్కుండా మూడు ఫ్లెక్సీల మీదా ఆమె ఫొటో ఉంది. మూడింటి మీదా ఒకటే మాట: మా విద్యార్థిని.

మూడోవాళ్లు ఇంటికే వచ్చారు. శాలువా కప్పారు, స్వీట్లు ఇచ్చారు, ఫోన్ కెమెరా పెట్టి ఒక కాగితం చేతికిచ్చారు. "మా సార్ చెప్పిన షార్ట్‌కట్లే నన్ను టీచర్‌ని చేశాయి" అని అందులో రాసుంది. ఆ అమ్మాయి ఆ సార్‌ని అంతకుముందు చూడనే లేదు. "ఇంటికొచ్చిన పెద్దవాళ్లు, కాదంటే బాగుండదని చదివేశాను మామయ్యా" అని తర్వాత నాతో అంది. ఆ వీడియో చూసి ఎవరో ఒక అమ్మాయి మెడలో గొలుసు తాకట్టు పెట్టి అక్కడ చేరి ఉంటుందేమో అనేదే అప్పటి నుంచీ నన్ను వదలని ఆలోచన.

కోచింగ్ సెంటర్లు తమ విద్యార్థుల విజయాలు చెప్పుకోవడం తప్పని నేను అనను. చెప్పుకోవాలి. కొత్తగా చేరేవాళ్లకు అంతకంటే పనికొచ్చే సమాచారం లేదు. కానీ ఎంతమందికి వచ్చింది అన్నది చెప్పినప్పుడు ఎంతమందిలో వచ్చింది అన్నదీ అదే సైజు అక్షరాల్లో చెప్పాలి. లవం చూపించి హారం దాచేస్తే అది లెక్కే కాదు. హారంతో సహా చెప్పే సెంటర్ నష్టపోతుందనే భయంలో కూడా పస లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఊహించుకున్న సెంటరే, కానీ ఈ రంగంలో ఉన్నవాళ్లెవరికైనా తెలిసిన పోలికే. లాంగ్ టర్మ్ బ్యాచ్‌లో 240 మంది చేరారు. చివరిదాకా నిలిచినవాళ్లు 190. పరీక్ష రాసినవాళ్లు 171. పోస్టు వచ్చింది 19 మందికి. ఇది కాక, ఆ సెంటర్ ఆన్‌లైన్ టెస్ట్ సిరీస్‌ను 1,500 మంది కొన్నారు. వాళ్లలో 45 మందికి ఉద్యోగాలొచ్చాయి. ఫ్లెక్సీ మీద "64 ఉద్యోగాలు" అని పడుతుంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా చూసినవాడికి అబద్ధమే అందుతుంది, ఎందుకంటే వాడు డబ్బు కట్టబోయేది తరగతులకు, 64లో 45 వచ్చింది టెస్టులు కొన్నవాళ్ల నుంచి.

ఇప్పుడు అదే సెంటర్ నిజం చెబితే ఎలా ఉంటుంది? తరగతుల్లో చేరిన 240 మందిలో 19 మంది, అంటే వందకు ఎనిమిది. చాలామంది యజమానులు ఈ అంకె చూసి హడలిపోతారు. హడలిపోనక్కర్లేదు. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు మూడు లక్షలకు పైగా అభ్యర్థులు దరఖాస్తు చేశారు. ఎలా లెక్కేసినా ఇరవై మందిలో ఒకరికి, అంటే వందకు అయిదుగురికి వచ్చినట్టు. ఆ అయిదు పక్కన ఎనిమిది చిన్న అంకె కాదు. అయితే కోచింగ్‌కు వచ్చేవాళ్లు మామూలుగానే కాస్త గట్టిగా చదివేవాళ్లు కాబట్టి ఆ తేడా అంతా సెంటర్ గొప్పే అనడానికీ లేదు. ఆ మాట కూడా కింద ఒక వాక్యంలో రాయొచ్చు. టెస్ట్ సిరీస్ లెక్క మాత్రం వందకు మూడే. మామూలు సగటు కంటే తక్కువ. ఆ రెండింటినీ కలిపి 64 అని వేసుకున్నప్పుడు ఆ సెంటర్ పోగొట్టుకున్నది తన దగ్గరున్న ఒకే ఒక్క మంచి అంకెని.

చట్టం కూడా ఇటే నడిచింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనల మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. యాభై మందికి మించి విద్యార్థులున్న సెంటర్లన్నిటికీ అవి వర్తిస్తాయి. విజేత ఫొటో వేస్తే ర్యాంకుతో పాటు ఏ కోర్సు తీసుకున్నారు, ఎన్నాళ్లు చదివారు, డబ్బు కట్టారా ఉచితమా అన్నది కూడా వేయాలి. ఎలాంటి ప్రకటనల వల్ల ఇదంతా వచ్చిందో చెప్పడానికి ఒక ఉదాహరణ: 2022 సివిల్స్‌లో మొత్తం ఎంపికైనవాళ్లు 933 మంది. ఢిల్లీలో ఒక సంస్థ వాళ్లలో 682 మంది మావాళ్లే అని ప్రకటించుకుంది. తీరా విచారిస్తే అందులో 673 మంది ఉచితంగా పెట్టిన మాక్ ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లు. మిగిలింది తొమ్మిది మంది. ఆ సంస్థకు అయిదు లక్షల జరిమానా పడింది. మన డీఎస్సీలో ఇంటర్వ్యూ లేదు కాబట్టి ఆ పని ఇక్కడ ఉచిత మాక్ టెస్ట్ చేస్తోంది, అంతే తేడా.

ఆ మార్గదర్శకాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది అనుమతి గురించిన నియమం. పేరు, ఫొటో వాడుకోవడానికి విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, అదీ ఎంపికైన తర్వాతే. చేరేటప్పుడు అప్లికేషన్ ఫారంలో పదకొండో పాయింటుగా ఇరికించి పెట్టించుకున్న సంతకం చెల్లదు. ఫీజు కట్టే రోజు ఎవరైనా ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతారు. పోస్టు వచ్చాక పెట్టే సంతకంలోనే ఇష్టం ఉంటుంది. మంచి సెంటర్ ఇంకో అడుగు ముందుకేయొచ్చు: ఫొటోకి వేరుగా, వీడియోకి వేరుగా అడగాలి, ఫ్లెక్సీ మీద పడబోయే మాటలు ముందే వాట్సాప్‌లో పంపి "ఇది నిజమేనా అమ్మా?" అని అడగాలి. సన్మానం పేరుతో ట్యాబో నగదో ఇస్తే ఆ సంగతీ వీడియోలో చెప్పాలి.

ఇక కథలు. విజేత వీడియో ఎలా తీయాలన్నది నాకు చాలా ముఖ్యమైన విషయం. ఇప్పుడు తీసేవన్నీ "ఎవరి వల్ల ఈ విజయం?" అని మొదలవుతాయి. ఆ ప్రశ్నకు మర్యాదస్తులు ఒకే జవాబు చెబుతారు. అది తీసేసి వేరేవి అడగాలి. ఇది ఎన్నోసారి రాయడం? ఇంతకుముందు ఎక్కడ చదివారు? టెట్ మార్కులు మొదట ఎంత, ఆఖరికి ఎంత? ఇంట్లో ఖర్చు ఎవరు చూశారు? ఇక్కడ ఏ క్లాసు మీకు పనికొచ్చింది, ఏది రాలేదు? మా అక్క కూతుర్ని ఇలా అడిగి ఉంటే తేలేది ఇది: ఆమెకిది రెండో డీఎస్సీ. 2018లో రాసి పోగొట్టుకుంది. ఈలోపు ఓ ప్రైవేటు స్కూల్లో నాలుగేళ్లు మూడో తరగతికి పాఠాలు చెప్పింది, మెథడాలజీ ఆమెకు అక్కడే ఒంటబట్టింది. లెక్కల్లో మాత్రం కోచింగే నిలబెట్టింది. తను తెచ్చిన మార్పు ఎంతో చెప్పుకోవాలనుకునే సెంటర్‌కి ఇంకో దారి ఉంది. చేరిన వారంలో పెట్టిన గ్రాండ్ టెస్టులో బ్యాచ్ సగటు ఎంత, వెళ్లేనాటికి ఎంత అన్నది వేయొచ్చు. డీఎస్సీలో పోస్టులు జిల్లాల వారీగా, సబ్జెక్టుల వారీగా, రిజర్వేషన్ రోస్టర్ ప్రకారం ఉంటాయి. ఒక జిల్లాలో ఉద్యోగం తెచ్చే స్కోరు పక్క జిల్లాలో తేలేదు. పోస్టు రావడం రాకపోవడంలో సెంటర్ చేతిలో లేనిది చాలా ఉంది. లెక్కల్లో బ్యాచ్ సగటును పైకి తీసుకెళ్లడం సెంటర్ చేతిలో ఉన్న పని.

ఎదురు వాదన నాకు తెలుసు. "నేనొక్కణ్నే నిజం చెబితే రోడ్డుకు అవతల 64 వేసుకున్నవాడి దగ్గరికే పోతారు కదండీ" అని ఒక చిన్న సెంటర్ నడిపే మిత్రుడు అంటాడు. ఫ్లెక్సీ ఒక్కటే చూసి చేరేవాళ్లయితే పోతారు, నిజమే. కానీ డీఎస్సీకి వచ్చేవాళ్లు ఇరవై అయిదేళ్లు, ముప్పై ఏళ్లు దాటినవాళ్లు, పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చే తల్లులు. అవనిగడ్డ అయినా దిల్‌సుఖ్‌నగర్ అయినా వాళ్లు హాస్టల్ గదుల్లో ఒకరినొకరు అడిగే చేరతారు. అక్కడ 64 నిలబడదు. పేరు, కోర్సు, నెలలు రాసి ఉన్న 19 నిలబడుతుంది, ఎందుకంటే ఆ 19 మందిలో ఎవరినైనా వెతికి పట్టుకుని అడగొచ్చు.

రైతు ఇంట్లో పుట్టినవాణ్ని కాబట్టి నాకు పదే పదే గుర్తొచ్చేది విత్తనాల సంచి. 1966 విత్తన చట్టం కింద వచ్చే లేబుల్ మీద మొలక శాతం ఉంటుంది, పరీక్ష చేసిన తేదీ ఉంటుంది. ధృవీకరించిన వరి విత్తనమైతే వందకు కనీసం ఎనభై మొలవాలి, మిరప అయితే అరవై. మిరప రైతుకు అరవై అని ముందే తెలుసు కాబట్టి ఆ లెక్కన నారు పోసుకుంటాడు. వందా మొలుస్తుందని ఎవరూ ఆయనకు చెప్పరు, చెప్పనందుకు ఆయన కొనడం మానడు. సంచి మీద ఉన్న ఆ చిన్న అంకె, సొంతూరు వదిలి జీవితంలో ఏడాది పెట్టబోయే మనిషికి మనం ఎందుకు ఇవ్వం?

సెంటర్లనే అనడం కూడా న్యాయం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత మళ్లీ డీఎస్సీ పరీక్ష జరిగింది 2025లో. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ పరీక్ష 2024లో. ఏడేళ్లు నోటిఫికేషన్ కోసం ఎదురుచూసిన మనిషికి "ఇక పది సీట్లే ఉన్నాయి, రేపటితో ఆఖరు" అనే మెసేజ్ వస్తే ఆగి ఆలోచించే ఓపిక ఎక్కడుంటుంది? అలాంటి తొందరపెట్టే ప్రకటనల్నీ మార్గదర్శకాలు వద్దన్నాయి. కానీ ఆ ఆత్రం పుట్టించింది ప్రభుత్వాలే. ఏటా ఒక తేదీకి, ఖాళీలున్నంత మేరకు చిన్న నోటిఫికేషన్ ఇస్తే సగం ఫ్లెక్సీలకు బలం పోతుంది. అభ్యర్థి "ఇది పోతే వయసు దాటిపోతుంది" అనే టెన్షన్‌తో కాకుండా, వచ్చే ఏడు మళ్లీ రాయొచ్చనే ధైర్యంతో సెంటర్ ఎంచుకుంటుంది. ఫలితాలతో పాటు ఏ జిల్లాలో ఎన్నోసారి రాసినవాళ్లకు ఎన్ని పోస్టులు వచ్చాయో ప్రభుత్వమే ప్రకటిస్తే, ఏ సెంటర్ లెక్కనైనా దాని పక్కన పెట్టి చూసుకోవచ్చు.

మా అమ్మాయి చదివిన మొదటి సెంటర్‌వాళ్లు మొన్న కొత్త బ్యాచ్ డెమోకి ఆమెను పిలిచారు. తనతో పాటు హాస్టల్ గదిలో ఉన్న స్నేహితురాల్నీ తీసుకెళ్తానంది. ఆ స్నేహితురాలికి వేర్వేరు షిఫ్టుల మార్కుల్ని సమం చేసే నార్మలైజేషన్ తర్వాత అర మార్కు కంటే తక్కువ తేడాతో పోస్టు పోయింది. యజమాని కాసేపు తటపటాయించి సరేనన్నారట. ఇద్దరూ చెరో పది నిమిషాలు మాట్లాడారు. క్లాసు అయ్యాక శాలువా కప్పించుకున్న మా అమ్మాయి చుట్టూ నలుగురు చేరారు. రెండో అమ్మాయి దగ్గర గంటసేపు జనం కదల్లేదు. ఏ సబ్జెక్టులో పోయింది, ఏ నెలలో రివిజన్ మొదలుపెట్టావు, నీ జిల్లాలో కటాఫ్ ఎంత, మళ్లీ ఇక్కడే చేరతావా అని ఒకటే ప్రశ్నలు. లెక్కలకు చేరతాను, సైకాలజీకి ఇంట్లోనే చదువుకుంటాను అని ఆమె యజమాని ముందే చెప్పింది. ఆ సాయంత్రం లెక్కల బ్యాచ్‌లో పదహారు మంది చేరారు.