జీతం 16,000 అంటే చేతికి వచ్చేదెంత? వెయిటర్ ఉద్యోగ ప్రకటనలో ఉండాల్సిన మాటలు

"సప్లయర్లు, క్యాషియర్ కావలెను. ఆకర్షణీయమైన జీతం. భోజనం, వసతి ఉచితం." హైదరాబాద్‌లో ఏ వీధిలో నడిచినా హోటల్ అద్దానికి ఇలాంటి కాగితం కనిపిస్తుంది. ఇదే వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతుంది. దీన్ని చూసి ఊరి నుంచి బస్సెక్కి వచ్చిన కుర్రాడికి తెలియనివి మూడు: రాత్రి ఎన్నింటికి ఇంటికి పోతాడు, ఏ పూట ఎప్పుడు తింటాడు, ఒకటో తారీఖు తర్వాత చేతికి ఎంత వస్తుంది. చేరిన పది రోజులకే చెప్పకుండా వెళ్లిపోయేవాళ్లలో చాలామంది ఈ మూడింటిలో ఏదో ఒకచోట దెబ్బతిన్నవాళ్లే. యజమానులు "ఇప్పటి పిల్లలు నిలబడరు" అంటారు. నన్నడిగితే, ప్రకటనలో చెప్పని మాటే వాళ్లను పంపించేస్తోంది.

ముందు టైమింగ్స్ సంగతి. మన రెస్టారెంట్లలో ఎక్కువగా నడిచేది బ్రేక్ షిఫ్ట్. మధ్యాహ్నం భోజనాల రద్దీ ఒకటి, రాత్రి రద్దీ ఇంకొకటి, నడుమ మూడు గంటలు ఖాళీ. ప్రకటనలో "ఉదయం 11 నుంచి రాత్రి 11 వరకు, మధ్యలో బ్రేక్" అని రాస్తే చదివేవాడు పన్నెండు గంటల పని అనుకుని వదిలేస్తాడు. లేదంటే చేరాక, ఆ బ్రేక్‌లో గ్లాసులు తుడవమన్నారని గొడవపడతాడు. అదే విషయాన్ని ఇలా రాయొచ్చు: "ఉదయం 11 నుంచి 3:30 వరకు, మళ్లీ సాయంత్రం 6:30 నుంచి 11 వరకు. రెండు పూటలా అరగంట భోజనానికి. పని 8 గంటలు. మధ్యలో 3 గంటలు మీ సొంతం, బయటికి వెళ్లవచ్చు." ఆ చివరి మాట చాలా ముఖ్యం. దగ్గర్లో గది ఉన్నవాడికి ఆ మూడు గంటలు నిద్ర. ఇల్లు దూరమైనవాడికి మాత్రం వెళ్లి రావడానికే సరిపోతాయి, కాబట్టి అతను లెక్కేసేది పన్నెండు గంటలే. హోటల్లో పడుకోవడానికి చోటు ఉందో లేదో కూడా రాస్తే అలాంటివాళ్లు ముందే తేల్చుకుంటారు.

రాత్రి 11 అని రాసినా చివరి టేబుల్ 11:40 దాకా లేవకపోవచ్చు. అది కస్టమర్ తప్పు కాదు, వెయిటర్ తప్పూ కాదు. లాస్ట్ ఆర్డర్ 10:15కే అని, ఆ తర్వాత ఉండాల్సివస్తే ఇద్దరు వంతులవారీగా ఉంటారని, ఆ సమయానికి ఓటీ ఇస్తామని ప్రకటనలోనే చెప్పాలి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం ఓటీ మామూలు రేటుకు రెట్టింపుకన్నా తగ్గకూడదు. రోజుకు 8 గంటలు, నెలకు 26 రోజులు అనుకుంటే 16,000 జీతానికి గంట విలువ దాదాపు 77 రూపాయలు, ఓటీ గంటకు 154. ఈ ఒక్క అంకె రాస్తే వెయిటర్ చివరి టేబుల్ వైపు చిరాకుగా చూడడు.

ఈ గంట లెక్క ఉద్యోగం వెతికేవాడికీ ఉపయోగమే. ఒకచోట 15,000, రోజుకు 8 గంటలు, వారానికో సెలవు. ఇంకోచోట 17,000, రోజుకు 11 గంటలు, సెలవు లేదు. పైకి రెండోదే పెద్ద జీతం. కానీ మొదటిదానిలో నెలకు 208 గంటలు, అంటే గంటకు 72 రూపాయలు. రెండోదానిలో 330 గంటలు, గంటకు 52 కూడా రాదు. ప్రకటనలో గంటలు, సెలవు రాయనిచోట ఈ పోలిక ఎవరూ చేయలేరు.

ఇక చేతికి వచ్చే డబ్బు. పీఎఫ్, ఈఎస్ఐ రెండూ ఉన్న హోటల్లో 16,000 జీతం తీసుకుందాం. పీఎఫ్‌ను 15,000 పరిమితి మీద లెక్కిస్తే 12 శాతం, అంటే 1,800 పోతుంది. ఈఎస్ఐకి 0.75 శాతం, 120 రూపాయలు. తెలంగాణలో వృత్తి పన్ను 150. చేతికి వచ్చేది 13,930. మొదటి నెల ఇది చూసిన కుర్రాడు తనను మోసం చేశారనే అనుకుంటాడు. పీఎఫ్ తన పేరు మీదే జమ అవుతుందని, యజమాని కూడా తన వంతు కడతాడని, ఈఎస్ఐ కార్డుతో వైద్యం దొరుకుతుందని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. "జీతం 16,000. కోతలు పోను చేతికి 13,930. ప్రతి నెలా 7వ తేదీలోపు బ్యాంకులో" అని రాస్తే ఆ గొడవే ఉండదు. టిప్పుల డబ్బు ఎవరికి వారికా, అందరూ పంచుకోవాలా అన్నదీ ఒక వాక్యంలో తేల్చేయాలి. కౌంటర్ దగ్గర డబ్బాలో వేసి, కిచెన్ వాళ్లకూ వాటా ఇచ్చే పద్ధతి ఉంటే అదీ రాయాలి.

భోజనం ఉచితం అంటే ఎన్ని పూటలు? మధ్యాహ్నం రద్దీ మొదలయ్యే ముందు 11:15కే తినిపిస్తే మంచిది. మూడున్నర దాకా ఆకలితో ప్లేట్లు మోసేవాడికి చేతులు వణుకుతాయి. రాత్రి భోజనం 6:30కా, హోటల్ మూశాకా? స్టాఫ్‌కు విడిగా వండుతారా, మిగిలినది పెడతారా? వారం సెలవు రోజున కూడా పెడతారా? గదిలో ఉండే కుర్రాళ్లు ఈ చివరి ప్రశ్నే ముందు అడుగుతారు.

క్యాషియర్ పోస్టును వెయిటర్ల లైన్‌లోనే ఇరికించడం పెద్ద పొరపాటు. అతని పని చివరి బిల్లుతో అయిపోదు. నగదు, కార్డు మెషిన్, యూపీఐ, డెలివరీ యాప్‌ల ఆర్డర్లు, ఇవన్నీ బిల్లింగ్ కంప్యూటర్‌తో టాలీ చేయడానికి అరగంటకు పైనే పడుతుంది. ఆ అరగంటను షిఫ్ట్‌లో కలిపే టైమ్ రాయాలి.

అసలు భయం మాత్రం తేడా వచ్చినప్పుడు. నాకు తెలిసిన ఒక చోట ఒక రాత్రి 1,240 రూపాయలు తక్కువ వచ్చింది, క్యాషియర్ జీతంలో కోస్తామన్నారు. మరునాడు కూర్చుని వెతికితే 800 రూపాయలకు సాయంత్రం కొత్తిమీర, పెరుగు తెప్పించిన చీటీ దొరికింది. మిగిలిన 440 ఒక యూపీఐ బిల్లు. కస్టమర్ ఫోన్‌లో "ప్రాసెసింగ్" అని చూపించి వెళ్లిపోయాడు, కౌంటర్ మీది సౌండ్ బాక్స్ పలకలేదు. ఒక్క రూపాయి కూడా క్యాషియర్ జేబులోకి పోలేదు. చట్టం కూడా ఇదే చెబుతుంది: తనకు అప్పగించిన డబ్బు తన నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలితేనే కోయాలి, అది కూడా అతని వివరణ విన్నాకే. నష్టం ఎంతో అంతకు మించి కోయకూడదు.

అందుకే క్యాషియర్ ప్రకటన ఇలా ఉండాలంటాను: "క్యాషియర్ ఒకరు. మధ్యాహ్నం 3:15 నుంచి రాత్రి 11:45 వరకు, అరగంట భోజన విరామంతో, లెక్క అప్పగించే సమయం కలిపి. షిఫ్ట్ మొదట్లో చిల్లర, చివర్లో నగదు మేనేజర్ ఎదుటే లెక్కపెట్టి ఇద్దరూ సంతకం పెడతారు. చీటీ లేకుండా డ్రాలోంచి డబ్బు ఎవరికీ ఇవ్వనక్కర్లేదు, యజమాని అడిగినా సరే."