ఫొటో కింద ఉండాల్సిన అంకె

సివిల్స్ తుది ఫలితాలు వచ్చిన మర్నాడు పత్రికల మొదటి పుటల్లోనూ, నగర కూడళ్లలోని ఫ్లెక్సీల మీదా ఒకే అభ్యర్థి ఫొటో మూడు నాలుగు కోచింగ్ సంస్థల పేర్లతో కనిపిస్తుంది. ఆ అభ్యర్థి నాలుగు చోట్లకూ వెళ్లి ఉండవచ్చు కాబట్టి ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. ఏ సంస్థకు ఎందుకు వెళ్లారో ఒక్క ప్రకటనా చెప్పకపోవడంలోనే చిక్కంతా ఉంది. ఇలాంటి ప్రకటనలు మా పుటల్లోనూ వస్తాయి. అందుకే ఈ విషయం మాట్లాడే బాధ్యత మాకు మరింత ఉందని భావిస్తున్నాము.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరు 13న కోచింగ్ రంగంలో తప్పుదారి పట్టించే ప్రకటనలను నివారించేందుకు మార్గదర్శకాలు విడుదల చేసింది. ఎంపికకు గానీ, ర్యాంకుకు గానీ, మార్కులకు గానీ హామీ ఇవ్వరాదని అందులో స్పష్టంగా ఉంది. విజేత ఫొటో వాడితే ర్యాంకుతో పాటు వారు చేరిన కోర్సు పేరు, అది ఎంతకాలం సాగింది, ఫీజు కట్టి చదివారా లేదా అనేవి ఆ ఫొటో పక్కనే చెప్పాలి. ఆ ఫొటో వాడుకునేందుకు అభ్యర్థి రాతపూర్వక అనుమతిని ఎంపికైన తర్వాతే తీసుకోవాలి. తప్పుదారి పట్టించే ప్రకటనకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ అదే తప్పు చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు.

ఈ నిబంధనలు మంచివే. అయితే అవి ప్రధానంగా ఫొటోలో ఉన్నవారి గురించి అడుగుతాయి. ఫీజు కట్టబోయే కుటుంబానికి కావలసింది ఫొటోలో లేనివారి లెక్క. ప్రకటన స్క్రిప్టు రాసేవారు ఈ రెండో లెక్కనూ తమంతట తామే చెప్పాలన్నది మా అభిప్రాయం. దానివల్ల ఎంత తేడా వస్తుందో ఒక ఊహాజనిత సంస్థను తీసుకుని చూద్దాం.

2023 సివిల్స్ పరీక్షలో తమవారు 24 మంది ఎంపికయ్యారని ఆ సంస్థ చెబుతోందనుకుందాం. రిజిస్టరు తెరిస్తే వారిలో 19 మంది మెయిన్స్ ఇతరత్రా చదివి గట్టెక్కాక, ఉచిత మాక్ ఇంటర్వ్యూకు మాత్రమే వచ్చినవారని తేలుతుంది. ముగ్గురు టెస్ట్ సిరీస్ రాశారు. 10 నెలల ఫౌండేషన్ కోర్సు మొత్తం అక్కడే చదివినవారు ఇద్దరు. ప్రకటన చూసి చేరబోయే విద్యార్థి మాత్రం ఫీజు కట్టేది ఆ ఫౌండేషన్ కోర్సుకే.

ముందుగా ఆ 19 మంది సంగతి చూద్దాం. మాక్ ఇంటర్వ్యూలకు మొత్తం 55 మంది వచ్చారనుకుంటే, ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరు ఎంపికైనట్టు. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ ఆ ఏడాది దేశమంతటా ఇంటర్వ్యూకు అర్హత పొందినవారు 2,855 మంది కాగా, యూపీఎస్సీ తుదిగా సిఫారసు చేసినవారు 1,016 మంది. అంటే ఏ సంస్థ గడపా తొక్కనివారిని కూడా కలుపుకుని, ఇంటర్వ్యూ దాకా వచ్చిన ప్రతి ముగ్గురిలో ఒకరికి మించే ఎంపికయ్యారు. కాబట్టి ఆ సంస్థ మాక్ ఇంటర్వ్యూల వల్ల అదనంగా ఒరిగిందేమిటో ఈ అంకెల్లో ఎక్కడా కనిపించదు. 55 అనే అంకెను దాచి 19 ఫొటోలు వేసినప్పుడే అది ఘనతగా కనిపిస్తుంది.

ఫౌండేషన్ కోర్సు కథ వేరు. ఆ బ్యాచ్‌లో 480 మంది చేరగా 31 మంది ప్రిలిమ్స్ దాటారనుకుందాం. ఇద్దరే ఎంపికయ్యారంటే జనం వెనక్కి పోతారని యాజమాన్యం భయపడవచ్చు. కానీ 2023 ప్రిలిమ్స్ రాసిన 5,92,141 మందిలో మెయిన్స్‌కు అర్హులైనవారు 14,624 మంది, అంటే నూటికి రెండున్నర కన్నా కాస్త తక్కువ. ఈ బ్యాచ్‌లో నూటికి ఆరుగురు దాటారు. నిజం చెబితే నష్టపోతామనుకున్న చోటే ఆ సంస్థకు చెప్పుకోదగిన మాట దొరికింది. అయితే దేశవ్యాప్త లెక్కలో అంతంతమాత్రంగా చదివి పరీక్ష హాలుకు వెళ్లినవారూ ఉంటారు, ఫీజు కట్టి 10 నెలలు కూర్చునేవారు మొదటి నుంచే పట్టుదల ఉన్నవారు. కనుక ఆ తేడా అంతా తమ బోధన గొప్పతనమేనని స్క్రిప్టు చెప్పరాదు.

ముప్పై సెకన్ల ప్రకటనలో తెలుగులో తీరికగా పలికితే సుమారు 60 మాటలు పడతాయి. ఇన్ని లెక్కలు అందులో ఇమడవన్న వాదన నిలవదు. ఆ సంస్థ ఇలా చెప్పవచ్చు:

"2023 సివిల్స్‌లో ఎంపికైనవారిలో 24 మంది మా దగ్గరకు వచ్చారు. ఉచిత మాక్ ఇంటర్వ్యూలకు వచ్చిన 55 మందిలో 19 మంది, టెస్ట్ సిరీస్ రాసిన 210 మందిలో ముగ్గురు ఎంపికయ్యారు. పది నెలల ఫౌండేషన్ కోర్సులో 480 మంది చేరితే 31 మంది ప్రిలిమ్స్ దాటారు, ఇద్దరు ఎంపికయ్యారు. మీ ఎంపికకు మేం హామీ ఇవ్వలేం. మీరు రాసిన ప్రతి జవాబునూ వారంలోగా దిద్ది ఇస్తాం. మూడు రోజులు తరగతిలో కూర్చుని చూశాకే చేరండి."

ఇందులో సంస్థ తన చేతిలో ఉన్నదానికే మాట ఇచ్చింది. జవాబుపత్రం వారంలో దిద్ది ఇవ్వడం దాని చేతిలో పని, ర్యాంకు కాదు. హామీ ఇవ్వలేమన్న మాటను కూడా మిగతా మాటలు పలికిన గొంతుతోనే, అదే వేగంతో పలకాలి. చివరి రెండు సెకన్లలో గబగబా చదివేస్తే చెప్పనట్టే. తెర మీద అక్షరాలకూ ఇదే వర్తిస్తుంది. గమనికను ఫలితాలు చెప్పిన అక్షరాల సైజులోనే వేయాలని మార్గదర్శకాలూ అంటున్నాయి.

480 అనే అంకెను ఎలా లెక్కించారన్నదీ ముఖ్యమే. మొదటి రోజు చేరినవారందరినీ లెక్కలో ఉంచాలి. మధ్యలో మానేసినవారిని, ఫలితం తెలియనివారిని తీసేస్తే 480 కాస్తా 200 అయి, విజయాల శాతం దానంతటదే రెట్టింపు దాటుతుంది. రెండు కోర్సులకు వచ్చిన అభ్యర్థిని ఒక్కసారే, ఎక్కువకాలం సాగిన కోర్సు కిందే చూపాలి. ప్రవేశ పరీక్ష పెట్టి ఏరిన ప్రత్యేక బ్యాచ్ ఉంటే దాని ఫలితాలు విడిగా చెప్పాలి, లేకపోతే సాధారణ బ్యాచ్‌లో చేరే విద్యార్థి తనది కాని లెక్కను నమ్మి ఫీజు కడతాడు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షల ప్రకటనల్లో ఇదే పని ఇంకో రకంగా సాగుతోంది. రిజర్వేషన్ కేటగిరీలో వచ్చిన ర్యాంకును ఆలిండియా ర్యాంకన్నట్టు వేస్తారు, ఒక్క సబ్జెక్టులో వచ్చిన 100 పర్సంటైల్‌ను మొత్తం పరీక్షదన్నట్టు చూపుతారు. ర్యాంకు పక్కన కేటగిరీని, పర్సంటైల్ పక్కన సబ్జెక్టును అదే సైజు అక్షరాల్లో రాస్తే ఆ గందరగోళం ఉండదు.

"ఎంపిక కాకపోతే ఫీజు వాపసు" అనే మాటనూ ఇక్కడే ప్రస్తావించాలి. హామీ అన్న పదం అందులో లేదు గనుక నిబంధన వర్తించదని కొందరు అనుకోవచ్చు. కానీ విన్న తల్లిదండ్రుల మనసులో అది ఎంపిక ఖాయమన్న భరోసాగానే నిలుస్తుంది. వాపసు నిజంగా ఇస్తే ఎంత శాతం, ఎంత హాజరు ఉంటే, ఎన్ని రోజుల్లో ఇస్తారో ఆ ప్రకటనలోనే చెప్పాలి. అవి చెప్పేందుకు చోటు లేనప్పుడు ఆ వాక్యాన్ని స్క్రిప్టు నుంచి తీసేయాలి.