సత్యలోకంలో ఇప్పుడు పదకొండున్నర కావస్తోంది

అనంతపురంలో మా బావ కట్టుకున్న కొత్త ఇంటి గృహప్రవేశానికి మొన్న విశ్వావసు నామ సంవత్సరంలో వెళ్లినప్పుడు, పంతులుగారు సంకల్పం చెబుతుంటే నేను మొట్టమొదటిసారిగా చెవులు రిక్కించి విన్నాను. ద్వితీయ పరార్ధే, శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమ పాదే అంటూ ఆయన కోట్ల సంవత్సరాలను ఒక్క ఊపిరిలో దాటించి, శ్రీశైలానికి నైరృతి దిక్కున మా బావను పీటతో సహా తెచ్చి కూర్చోబెట్టారు. ఇంత తిరుగులేని చిరునామా మరొకటి ఉండదని నేను మురిసిపోతుండగా, నీళ్ల ట్యాంకరు డ్రైవరు మూడోసారి ఫోను చేసి, ఇల్లు గుండు దాటాకనా, గుండుకు ముందా అని అడిగాడు. పాలిషు పని సగంలో వదిలేసి వెళ్లిన మేస్త్రీ ఫోను మాత్రం మోగి మోగి ఆగిపోతోంది. "కలికాలం" అని మా బావ నిట్టూర్చాడు.

కాలానికి సంబంధించిన ఆరోపణ కనుక దీన్ని కాలంతోనే విచారించడం ధర్మమని నాకు తోచింది. కలియుగం 4,32,000 ఏళ్లు, దానికి పదింతలు ఒక మహాయుగం, అటువంటివి వెయ్యి అయితే బ్రహ్మకు ఒక పగలు, అదే కల్పం, అంటే 432 కోట్ల ఏళ్లు, రాత్రీ అంతే. సంకల్పంలో చెప్పిన మెట్లనే, అంటే గడచిన ఆరు మన్వంతరాలను, వాటి సంధులను, ఏడో మన్వంతరంలో 27 మహాయుగాలను, ఆపైన మూడు యుగాలను, కలిలో గడచిన 5,126 ఏళ్లను కూడితే 197,29,49,126 ఏళ్లు వస్తాయి. బ్రహ్మగారికి పొద్దున ఆరింటికి తెల్లవారి సాయంత్రం ఆరింటికి పొద్దు గూకుతుందనుకుంటే, ఆయన గడియారంలో ఒక సెకను మనకు సరిగ్గా లక్ష ఏళ్లు. ఆ లెక్కన సత్యలోకంలో ఇప్పుడు సమయం 11 గంటల 28 నిమిషాల 49 సెకన్లు. మహాయుగమంతా కలిపి 43 సెకన్ల పైచిలుకు, కలియుగం నాలుగు సెకన్ల పైచిలుకు. ఆ కలియుగం మొదలై సెకనులో ఇరవయ్యో వంతు గడిచింది.

ఈ లెక్క నేను పైకి చదవగానే, సైన్సు మాస్టారుగా రిటైరైన మా చిన్నాన్న విజయగర్వంతో లేచి, భూమి వయసు 454 కోట్ల ఏళ్లని శాస్త్రజ్ఞులు నిన్న మొన్న కనిపెట్టారనీ, మనవాళ్లు 432 కోట్లని ఎప్పుడో చెప్పారనీ, ఆ కాస్త తేడా వాళ్ల పరికరాల దోషమేననీ ప్రకటించారు. చిన్నాన్న చెప్పిన 432 కోట్లు బ్రహ్మగారి పూర్తి పగలు. అందులో గడచింది 197 కోట్లే. పదకొండున్నర కూడా కాకముందే సాయంత్రం ఆరు దాకా హాజరు వేయించుకునే పద్ధతి మన ఆఫీసుల్లో ఉన్నది నిజమే గాని, సృష్టికర్తకు దాన్ని అంటగట్టడం అపచారం. పైగా భూమి 454 కోట్ల ఏళ్ల కిందట పుట్టిందని ఒప్పుకుంటే, బ్రహ్మగారి గడియారంలో అది నిన్న రాత్రి 10 గంటల 52 నిమిషాలవుతుంది. అంటే సృష్టికర్త గాఢనిద్రలో ఉండగా భూమి తనంతట తానే పుట్టిందని అర్థం. నాస్తికులు కూడా ఇంత సాహసంగా మాట్లాడరు.

ట్యాంకరు డ్రైవరును తికమక పెట్టిన గుండు సంగతి ఇంకా విచిత్రం. ఈ ప్రాంతపు గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు కనుక, బ్రహ్మగారి లెక్కలో అది తెల్లవారుజామున నాలుగున్నరకు, ఇంకా ప్రళయం నడుస్తున్న వేళ తయారైంది. చిన్నాన్నకు న్యాయం చేయాలి కనుక చెబుతున్నాను, పురాణం ప్రకారం ఆ రాత్రి భూమి నీళ్లలో మునిగి ఉంటుంది, తెల్లవారాక వరాహస్వామి దాన్ని పైకెత్తుతాడు, అందుకే ఈ పగటికి ఆ పేరు. కాబట్టి పాత రాళ్లు మిగలడానికి అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా నీళ్ల విషయంలోనే. విష్ణుపురాణం చెప్పిన ప్రళయక్రమంలో ముందు నూరేళ్ల అనావృష్టి, తరువాత సప్తసూర్యులు, భూమి తాబేటి వీపులా మాడిపోవడం, ఆ తరువాతే నూరేళ్లకు పైబడిన కుంభవృష్టి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మా జిల్లావాళ్లు మొదటి మూడు అంకాలనూ ఏటా వేసవిలో సాధన చేస్తూనే ఉన్నారు. నాలుగో అంకం మా దాకా వచ్చిన దాఖలా మాత్రం, గుండును ఎన్ని వైపుల నుంచి చూసినా, నాకు దొరకలేదు.

ఇక మేస్త్రీ మీద మా బావ మోపిన అభియోగం. కలియుగం మొదట్లో 36,000 ఏళ్లు సంధ్య ఉంటుంది; మనం అందులో ఏడో వంతు కూడా దాటలేదు. ఇంకా కలి సరిగా తెల్లవారనే లేదు, అప్పుడే పాలిషు ఆగిపోయిందంటే, నడి కలియుగంలో ఇల్లు కట్టేవారి గతి తలచుకుంటే నాకు దిగులేసింది. ఈ దిగులుకు విరుగుడు కూడా లెక్కల్లోనే ఉంది. మనుస్మృతి కృతయుగానికి సంధ్యలతో కలిపి 4,800 ఏళ్లు, కలికి 1,200 ఏళ్లు అంటుంది. అవి దేవతల ఏళ్లని తీసుకుని ఒక్కోదాన్ని 360తో గుణిస్తేనే మన లక్షలు వస్తాయి. గుణించడం మానేస్తే, క్రీ.పూ. 3102లో మొదలైన కలి 1,200 ఏళ్లకే ముగిసి, మనమిప్పుడు కృతయుగంలో 3,900 ఏళ్లు దాటి, ధర్మం నాలుగు పాదాల మీద నడుస్తుండగా సుఖంగా ఉన్నామని తేలుతుంది. ఈ మాట చెప్పి ఏ పంచాంగకర్తా ఊళ్లో తలెత్తుకు తిరగలేడు కనుక, 360తో గుణించడమే క్షేమమని పెద్దలు భావించి ఉంటారని నా అభిప్రాయం.

కల్పాన్ని నమ్ముకుని పాలనాపరమైన హామీ ఇచ్చినవాడు మా పక్కనే ఉన్నాడు. గుత్తికి దగ్గరలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడు చెక్కించిన నాలుగో శాసనం, తన కొడుకులు, మనవలు, మునిమనవలు ఈ ధర్మాచరణను కల్పాంతం దాకా పెంపొందిస్తారని పలుకుతుంది. ఆయన కల్పం పురాణాల లెక్కతో కొలిచినది కాకపోవచ్చు గాని, మన లెక్కలో చూస్తే అది ఇంకా 234 కోట్ల ఏళ్ల పైచిలుకు గడువున్న హామీ. ఆయన పోయిన యాభై ఏళ్లలోపే చివరి మౌర్యరాజును సొంత సేనాపతి చంపేశాడు. ఆ అక్షరాలు ఏమంటున్నాయో ఆ చుట్టుపక్కల గొర్రెలు కాసేవారికి సైతం తెలియని శతాబ్దాలు గడిచాయి. హామీ చెక్కించిన నాటి నుంచి నేటి వరకు బ్రహ్మగారికి సెకనులో నలభయ్యో వంతు కూడా కాలేదు. ఆయన రెప్ప వేసి తీసేలోపు మౌర్యులు, శాతవాహనులు, విజయనగరం, కంపెనీవారు అందరూ వచ్చి వెళ్లారు. మా జిల్లాలో తాగునీటి పథకాలకు వేసిన శంకుస్థాపన రాళ్లను కూడా ఈ గడియారంతో కొలిస్తే, ఒక్కటి కూడా ఆలస్యమైనట్టు తేలదు.

ఒక్క సందేహం మిగిలి, హోమం అయ్యాక పంతులుగారిని అడిగాను.

"స్వామీ, పదిన్నర నుంచి పన్నెండు దాకా శుక్రవారమైతే రాహుకాలం కదా. సత్యలోకంలో ఇవాళ శుక్రవారమే అయితే, మనకింకా 18 కోట్ల 70 లక్షల ఏళ్లు మంచి గడియ లేనట్టేనా?"

ఆయన కాసేపు ఆలోచించి, అక్కడి వారం ఏదో పంచాంగంలో ఇవ్వలేదని, తనకు మాత్రం పన్నెండింటికి రుద్రంపేటలో ఇంకో గృహప్రవేశం ఉందని చెప్పి, తాంబూలం అందుకుని స్కూటరెక్కారు. ట్యాంకరు గుండు దాటి పైకి వెళ్లిపోవడం ఆయనే చూసి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపి చెప్పారు.